సోమవారం ఎల్లోరా, మంగళవారం అజంతా

మా మేనత్తగారు ఉన్నత పాఠశాలలో ముప్ఫై ఏళ్ళు చిత్రలేఖనం బోధించి విశ్రాంతి తీసుకున్నవారు. పిల్లలచేత అజంతా పద్మపాణి బొమ్మను ఎన్నిసార్లు వ్రాయించినారో ఆమెకే లెక్క తెలియదు. అయితే ఆ బొమ్మను అజంతాలో, ఆ గోడమీద, ఆమె ఏనాడూ చూచి ఎరుగరు. గడచిన శీతకాలంలో కుమారుడు ఆమెను తీసుకొని వెళ్ళినాడు. కోడలు, పన్నెండేళ్ళ మనుమరాలు తోడు. నలుగురూ వెళ్ళినారు, నలుగురూ క్షేమంగా తిరిగి వచ్చినారు. అజంతా మాత్రం చూడలేదు. ఎల్లోరా కూడా చూడలేదు.

ఎందుకు ఇట్లు జరిగినది అని విచారించగా మా బావ తన ఫోను తీసి ముందు పెట్టినాడు. తెరమీద వ్రేలితో ప్రక్కకు జరుపుతూ ఒకదాని వెనుక ఒకటి చూచే స్లైడులు. కారొసెల్ అంటారట. మొదటి స్లైడులో రంగురంగుల పేరు, రెండవదానిలో "మొదటి రోజు: అజంతా", మూడవదానిలో "రెండవ రోజు: ఎల్లోరా", నాల్గవదానిలో ఖర్చుల పట్టిక, అయిదవదానిలో సలహాలు. చూడ చక్కగానే ఉన్నవి. ఎవరు తయారు చేసినారో తెలియదు, చేతులు మారి వీరిదాకా వచ్చినవి. వీరు ఆదివారం రాత్రి రైలెక్కి సోమవారం వేకువకు దిగినారు. మొదటి రోజు గనుక అజంతాకు కారు కట్టించుకొని నూరు కిలోమీటర్లు వెళ్ళినారు. గుహలకు ఆనాడు సెలవు. తిరిగి ఊరు చేరేసరికి చీకటి పడినది. మరునాడు, రెండవ రోజు గనుక, ఎల్లోరా వెళ్ళినారు. అక్కడా సెలవే. ప్రక్కనున్న ఘృష్ణేశ్వరస్వామి దర్శనం చేసుకొని, ఆ రాత్రి రైలుకు వచ్చివేసినారు.

చిక్కు అంతా ఇక్కడ ఉన్నది. అజంతా గుహలకు సోమవారం సెలవు, ఎల్లోరా గుహలకు మంగళవారం సెలవు. సోమ మంగళ వారాలలో మొదట అజంతా, పిమ్మట ఎల్లోరా అని పెట్టుకున్నవారికి రెండూ మూసి ఉంటాయి. ఆ రెండు రోజులలోనే మొదట ఎల్లోరా, పిమ్మట అజంతా అని తిరగవేసినవారికి రెండూ తెరచి ఉంటాయి. రోజులు అవే, ఖర్చు అదే, స్లైడులు కూడా అవే. వాటి వరుస ఒక్కటే మారవలసినది. "మొదటి రోజు" అన్న మాటకు గుహల కావలివాని దగ్గర అర్థం లేదు. అతనికి తెలిసినది వారం పేరు మాత్రమే.

ఆమెను మళ్ళీ తీసుకొని వెళ్ళడానికి మా బావ ఈ సంవత్సరం సంకల్పించినప్పుడు, ఆ స్లైడులను మేము కూర్చుని తిరిగి వ్రాసినాము. మేము రెండు పర్యాయాలు ఆ గుహలు చూచినవారము గనుక ఆ పని మామీద పడినది. మొదటిసారి వెళ్ళదలచిన శ్రోతలకు కూడా ఉపయోగించవచ్చునని వాటిని ఇక్కడ చెప్పుచున్నాము.

మొదటి స్లైడులో బొమ్మ వేయలేదు. ఏడు వారాల పేర్లు వ్రాసి, సోమవారానికి ఎదురుగా "అజంతా లేదు" అనీ, మంగళవారానికి ఎదురుగా "ఎల్లోరా లేదు" అనీ వ్రాసినాము. దౌలతాబాదు కోట, బీబీకా మక్బరా ఏ వారమైనా చూడవచ్చును గనుక వాటిని ఖాళీ దొరికినచోట ఇరికించుకోవచ్చును. బుధవారం మొదలు ఆదివారం వరకు రెండు గుహలూ తెరచే ఉంటాయి, అప్పుడు ఏది ముందైనా ఫరవా లేదు. కాని శని ఆదివారాలలో జనం ఎక్కువ. మా బావకు సెలవు దొరికినది మళ్ళీ సోమ, మంగళ, బుధవారాలలోనే. కనుక సోమవారం ఎల్లోరా, మంగళవారం అజంతా, బుధవారం ఊరు అని వరుస కుదిరినది.

రెండవ స్లైడు దారిని గురించి. ఈ ప్రయాణానికి మకాము ఔరంగాబాదు. 1956 వరకు ఇది హైదరాబాదు రాష్ట్రంలోని పట్టణమే. 2023లో దీనికి ఛత్రపతి సంభాజీనగర్ అని పేరు మార్చినారు. రైల్వే స్టేషనుకూ తరువాత ఆ పేరే వచ్చినది. టిక్కెట్టు కొనేటప్పుడు పాత పేరుతో వెదకి, స్టేషను కనబడలేదని గాబరా పడనక్కరలేదు. ఇంకొక సంగతి. హైదరాబాదు వైపునుండి ఈ ఊరికి పోయే రైలు ఒకదానికి అజంతా ఎక్స్‌ప్రెస్ అని పేరు. పేరు చూచి అది అజంతాలో దింపుతుందనుకొనేవారు ఉన్నారు. అజంతాకు రైలు లేదు. ఔరంగాబాదులో దిగి ఉత్తరంగా సుమారు నూరు కిలోమీటర్లు రోడ్డున పోవలెను. ఉత్తర హిందూస్థానంనుండి వచ్చేవారికి జళగాం స్టేషను దగ్గర, అక్కడినుండి అరవై కిలోమీటర్లు. ఎల్లోరా మాత్రం ఔరంగాబాదుకు ముప్ఫై కిలోమీటర్లే. అజంతా, ఎల్లోరా అని జంటగా పలుకుతాము గాని, అవి పక్కపక్కన లేవు. ఊరికి అది ఒక దిక్కు, ఇది ఒక దిక్కు. ఒకే రోజున రెండూ చూడవచ్చునని చెప్పే కారువాని మాట వినకండి. చూడవచ్చును గాని, చూచినట్లుండదు.

మూడవది సోమవారపు స్లైడు. రైలు వేకువను చేరుతుంది. చాల హోటళ్ళలో గది ఇచ్చే వేళ మధ్యాహ్నం గనుక, ఇరువదినాలుగు గంటల లెక్కన గది ఇచ్చే చోటు ముందుగా అడిగి పెట్టుకోవలెను. స్నానం, ఫలహారం అయిన తరువాత బయలుదేరితే దారిలోనే దౌలతాబాదు తగులుతుంది. యాదవుల దేవగిరి ఇదే. కొండ కోట, మెట్లు ఎక్కువ, మధ్యలో చీకటి దారి ఒకటి ఉన్నది. డెబ్బై దాటిన మేనత్తగారికి ఇది తగదు. ఆమె క్రింద చాంద్ మీనారు దగ్గర కూర్చున్నారు. మనుమరాలు మాత్రం చీకటి దారిలోకి వెళ్ళి, గబ్బిలాల వాసన అని ముక్కు మూసుకొని వచ్చినది. ఇక్కడ ఒక గంటకంటె ఎక్కువ ఇవ్వకండి.

ఎల్లోరాలో గుహలు 34. దక్షిణపు కొసనుండి 1 మొదలు 12 వరకు బౌద్ధులవి, 13 మొదలు 29 వరకు హిందువులవి, ఉత్తరపు కొసన 30 మొదలు 34 వరకు జైనులవి. కొండ పొడుగునా రెండు కిలోమీటర్లు పరచుకొని ఉన్నవి. ద్వారం దాటగానే ఎదురుగా కనబడేది 16వ గుహ, అంటే కైలాసం. వచ్చినవారందరూ దానిలోకే తిన్నగా దూరి, అక్కడ అలసి, తక్కినవి వదలి వచ్చివేస్తారు. మేము చెప్పేది దానికి విరుద్ధం. కైలాసం ముఖం పడమర. ఉదయం పూట దాని ముఖభాగం నీడలో ఉంటుంది. మూడు గంటలు దాటిన తరువాత ఎండ లోపలికి వచ్చి విమానంమీద పడుతుంది. అందువలన ముందు కుడి చేతివైపు పోయి 10వ గుహ చూడండి. విశ్వకర్మ పేరు గల చైత్యం అది. కప్పు రాతిదే గాని కొయ్య వాసాలు పరచినట్లు చెక్కినారు. అక్కడినుండి వెనుకకు వస్తూ మూడంతస్తుల 12వ గుహ, దంతిదుర్గుని శాసనం ఉన్న 15వ గుహ చూచి, జైన గుహలకు బస్సులో పోయి వచ్చి, అప్పుడు కైలాసంలో అడుగు పెట్టండి.

ఎనిమిదవ శతాబ్దంలో రాష్ట్రకూటుడైన మొదటి కృష్ణుని కాలంలో ఇది జరిగినదని చరిత్రకారులు చెబుతారు. కట్టినది కాదు, తీసినది. కొండను మూడు వైపులా లోతుగా కందకం వేసి నరికి, నడుమ మిగిలిన రాతిని శిఖరంనుండి క్రిందికి చెక్కుకొంటూ వచ్చినారు. వెనుకవైపు గోడ ఎత్తు సుమారు నూరడుగులు. ఇంటికి మేస్త్రీ పునాదినుండి పైకి పోతాడు. వీరు కలశంనుండి పునాదికి దిగినారు. కనుక తప్పు చేస్తే దిద్దుకోవడానికి రాయి తిరిగి రాదు. ఆలయానికి దక్షిణపు ప్రక్కన, రావణుడు కైలాసాన్ని ఎత్తుచున్న శిల్పం ఉన్నది. తొందరగా నడిచేవారు దానిని దాటిపోతారు. ప్రక్కనున్న కొండమీదికి దారి తెరచి ఉన్న రోజైతే, పైకి పోయి ఒకసారి క్రిందికి చూడండి. పనివారు మొదటి ఉలి దెబ్బ వేసినది ఆ ఎత్తుననే.

నాల్గవది మంగళవారపు స్లైడు. దీనికోసమే ప్రయాణం గనుక దీనిమీద ఎక్కువ శ్రద్ధ పెట్టినాము. అజంతా ఉదయం తొమ్మిదింటికి తెరుస్తారు. ఊరినుండి రెండున్నర, మూడు గంటల దారి. ఆరు గంటలకు కదిలితేగాని మొదటివారిలో ఉండలేరు. మీ కారు గుహలదాకా పోదు. ఫర్దాపూర్ దగ్గర రోడ్డు చీలే చోట దానిని నిలిపివేసి, అక్కడినుండి నాలుగు కిలోమీటర్లు ప్రభుత్వ బస్సులో పోవలెను. గుహలను వాహనాల పొగనుండి కాపాడడానికి చేసిన ఏర్పాటు ఇది. జళగాం పోయే బస్సులు కూడా ఈ చీలిక దగ్గర ఆగుతాయి గనుక కారు కట్టించుకోలేనివారు బస్సులోనే రావచ్చును. బస్సు దిగిన తరువాత మెట్లు ఉన్నవి. నడువలేనివారిని కుర్చీలో మోసుకొనిపోయే డోలీవారు దొరుకుతారు. బేరం మెట్ల క్రిందనే, రానుపోను కలిపి మాట్లాడుకోవలెను.

వాఘోరా నది గుర్రపు లాడం వలె వంగిన చోట, ఆ వంపు పొడుగునా 30 గుహలు. చిత్రాలు మిగిలినవి ముఖ్యంగా 1, 2, 16, 17 గుహలలో. పద్మపాణి మొదటి గుహలోనే ఉన్నాడు. తొమ్మిదింటికి అక్కడ ఉన్నవారికి జనం తక్కువ, ఒకసారి లోపలికి కొద్దిమందినే పంపుతారు గనుక తరువాత వరుసలో నిలబడవలెను. లోపలికి పోగానే ఏమీ కనబడదు. ఇదే మొదటిసారి వెళ్ళినవారు నిరుత్సాహపడే చోటు. బయటి ఎండనుండి వచ్చిన కంటికి గుహ నల్లగా ఉంటుంది, అయిదు నిమిషాలు కదలక నిలబడితే గోడ మెల్లగా తేలి వస్తుంది. లోపల పలుచని దీపాలే ఉంటాయి. ఫ్లాషుతో ఫొటో తీయనివ్వరు. తీయనివ్వకపోవడమే మంచిది, చిత్రం పాడు కావడం ఒకటి, నిలబడి ఉన్న పదిమంది కళ్ళు మళ్ళీ అయిదు నిమిషాలు గ్రుడ్డివి కావడం ఒకటి.

గర్భగృహం ముందర ఎడమ ప్రక్క పద్మపాణి, కుడి ప్రక్క వజ్రపాణి. చూచినవారు సాధారణంగా ముఖం చూచి వెళ్ళిపోతారు. మేనత్తగారివంటివారు చూచేది గోడ. ఇది తడి సున్నంమీద వేసిన చిత్రం కాదు. ముందు రాతిమీద పొట్టు, నార కలిపిన మట్టి పూత పూసి, దానిపైన సున్నపు పలుచని పూత పూసి, అది ఆరిన తరువాత రంగు వేసినారు. ఎరుపు, పసుపు గైరికాలు, దీపపు మసి, ఆకుపచ్చ మట్టి ఈ దేశంవే. నీలానికి మాత్రం లాజవర్దు రాయి దూరదేశంనుండి వచ్చినది. మట్టి పూత గనుక తేమ తగిలితే రాతినుండి వదలి, పలకలుగా ఊడిపోతుంది. గోడమీద బోసిపోయిన తావులు ఎక్కువ ఉన్నది అందువల్లనే.

కొన్ని చిత్రాలు పచ్చగా, మెరుగు పెట్టినట్లు కనబడతాయి. అది పాతకాలపు రంగు కాదు. అజంతా నిజాం ప్రభుత్వం క్రింద ఉన్న కాలంలో, గులాం యజ్దానీ పురావస్తు శాఖను నడుపుచుండగా, ఇటలీనుండి చెక్కోనీ, ఒర్సీనీ అనే ఇద్దరు నిపుణులను పిలిపించినారు. వారు 1920 మొదలు 1922 వరకు పనిచేసి, ఊడిపోతున్న పూతను రాతికి తిరిగి అతికించినారు. ఆ పని వలన నిలిచిన బొమ్మలు ఎన్నో. అయితే పైన పూసిన లక్క వార్నీషు కాలక్రమాన పసుపెక్కినది, దుమ్ము పట్టినది. తరువాతివారు దానిని తొలగించడానికి ఎంతో శ్రమపడినారు. రక్షించినదీ వారే, రంగు మార్చినదీ వారే. తప్పు పట్టడానికి మాకు మనసొప్పదు, ఆనాటికి తెలిసిన మంచి విధానం అది.

16వ గుహలో వాకాటక హరిషేణుని మంత్రి వరాహదేవుని శాసనం ఉన్నది. అజంతాలోని పెద్ద చిత్రాలు అయిదవ శతాబ్దానివని చెప్పడానికి అది ముఖ్యమైన ఆధారం. 17లో జాతక కథలు గోడలనిండా ఉన్నవి; ఇక్కడ పిల్లలకు ఓపిక ఉంటే ఒక్క కథనైనా వ్రేలితో చూపుతూ చెప్పవచ్చును, గోడను మాత్రం తాకనివ్వకండి. 10వ గుహ అన్నిటికంటె పాతవాటిలో ఒకటి, క్రీస్తుకు పూర్వపుది. దానిలో ఒక స్తంభంమీద జాన్ స్మిత్ అనే ఆంగ్లేయ సైనికుడు 1819లో గీకిన తన పేరు ఉన్నది. పులివేటకు వచ్చి గుహలను చూచినవాడు ఇతడే. ఆ పేరు మనిషి తలకంటె ఎత్తున ఉంటుంది. అంత పొడగరా అని మనుమరాలు అడిగినది. కాదు; అప్పుడు గుహలో మట్టి, రాళ్ళు పేరుకొని ఉండగా ఆ దిబ్బమీద నిలబడి గీకినాడు. చివర 26వ గుహలో పడుకొని ఉన్న బుద్ధుని శిల్పం చూచి వెనుదిరగండి. మధ్యనున్న అసంపూర్తి గుహలను ఓపిక లేనివారు వదలవచ్చును.

కాళ్ళకు సంబంధించిన చిన్న సలహా ఒకటి ఉన్నది. చిత్రాలున్న ప్రతి గుహ ముందరా చెప్పులు విడువవలెను. తాళ్ళ బూట్లు వేసుకున్నవారు రోజంతా వంగుతూ లేస్తూ ఉంటారు. జారవిడిచే చెప్పులు, వాటితో పాటు ఒక జత మేజోళ్ళు ఉంటే మంచిది, మధ్యాహ్నం రాయి కాలుతుంది. కోతులున్నవి, తినుబండారం చేత పట్టుకొని నడవకండి. వానకాలంలో జలపాతం అందంగా ఉంటుంది గాని మబ్బు పట్టిన రోజున గుహలలో వెలుగు ఇంకా తగ్గుతుంది. బొమ్మలకోసం పోయేవారికి నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు తగిన కాలం.

అయిదవ స్లైడు ఖర్చు. పాత స్లైడులో ఒక మొత్తం మాత్రం ఉన్నది, అది ఎంతమందికో, ఏ తరగతికో లేదు. మేము నలుగురికి వ్రాసినాము. ప్రవేశ రుసుము భారతీయులకు అజంతాకు 40 రూపాయలు, ఎల్లోరాకు 40, కోటకు 25, మక్బరాకు 25, కలిపి 130. పదిహేనేళ్ళు నిండని పిల్లలకు రుసుము లేదు గనుక మనుమరాలిని తీసివేస్తే ముగ్గురికి 390. బస్సు, డోలీ కాక మనం "చూడడానికి" పెట్టే ఖర్చు ఇంతే.

తక్కినవన్నీ అంచనాలు; మీరు పోయేనాటి ధరలు అడిగి అంకెలు మార్చుకోండి. రైలు మూడవ తరగతి చల్లగది పెట్టె టిక్కెట్టు 800 చొప్పున రానుపోను ఎనిమిది టిక్కెట్లకు 6400. గది 1800 చొప్పున రెండు గదులు, రెండు రాత్రులు 7200. భోజనాలు మనిషికి రోజుకు 400 చొప్పున మూడు రోజులకు 4800. ఎల్లోరా రోజు కారుకు 2200, బుధవారం ఊళ్ళో ఆటోలకు 600. అజంతా కారు దగ్గర మాత్రం జాగ్రత్త పడవలెను. రానుపోను 210 కిలోమీటర్లు. కిలోమీటరుకు 15 రూపాయలైతే 3150 అని మనం లెక్క వేసుకుంటాము. కారువారు రోజుకు కనీసం 300 కిలోమీటర్లు అని పట్టుకుంటే అది 4500 అవుతుంది. ధర అడిగేటప్పుడు "కిలోమీటరుకు ఎంత" అని కాక "కనీసం ఎన్ని కిలోమీటర్లకు" అని ముందు అడగండి. మేము 4500 వ్రాసుకున్నాము. ప్రవేశ రుసుము, కొండ బస్సు, చిల్లర కలిపి 690. మొత్తం 26,390. మరి డోలీకి, అనుకోని వాటికి 2,600 ప్రక్కన పెట్టి 29,000 అన్నాము.

ఈ పట్టిక చూచిన మా బావ, క్రిందటిసారి మూసిన గుహలదాకా పోయి వచ్చిన కారుకు ఎంత ఇచ్చినాడో జ్ఞాపకం చేసుకొని కొంతసేపు మాట్లాడలేదు. నలుగురి ప్రవేశ రుసుముకు పది రెట్లకు పైనే అది.

ఆరవ స్లైడు బుధవారం. దీనిని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. బీబీకా మక్బరా, పన్‌చక్కీ అనే నీటి మర, హిమ్రూ నేత దుకాణం చూచి, సాయంకాలం రైలెక్కవలెను. చరిత్రమీద ఇష్టమున్నవారు ఖుల్దాబాదు పోవచ్చును. అక్కడ ఔరంగజేబు సమాధితో పాటు మొదటి నిజాం సమాధి కూడ ఉన్నది. ఆ ఊరు ఎల్లోరా దగ్గరిదే గనుక సోమవారం నాడే చూచుకొంటే దారి కలిసివస్తుంది.

పోయిన నెలలో వారు వెళ్ళినారు. మంగళవారం మధ్యాహ్నం మా బావ అజంతానుండి ఫోను చేసినాడు. అమ్మ మొదటి గుహలోనికి పోయి బయటికి వచ్చినదనీ, మళ్ళీ వరుసలో నిలబడి రెండవసారి పోయినదనీ, తమను 17వ గుహకు పొమ్మని పంపివేసినదనీ చెప్పినాడు. సాయంకాలం ఆమెతోనే మాట్లాడినాము. ఇన్నేళ్ళూ పిల్లలచేత పద్మపాణి చేతిలోని పువ్వును ఎర్రతామర అని వ్రాయించినారట. గోడమీద అది నీలి కలువ. ఆ సంగతి చెప్పి, ఏ సంవత్సరం పిల్లలకు ఉత్తరం వ్రాయను అని అడిగినారు.